వీసా స్టేటస్ గడిలో ఏం రాయాలి?

కోనసీమ నుంచి కువైట్‌కో ఖతార్‌కో దుబాయ్‌కో ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఇదివరకు ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు జిరాక్సు, రెండు ఫొటోలు పెట్టి ఊరుకునేవారు. ఇప్పుడు అమలాపురంలోనో రాజోలులోనో కొత్తపేటలోనో నెట్ సెంటర్‌కు వెళ్లి, లేదా ఫోన్‌లోనే, జాబ్ సైట్లలో ప్రొఫైలు పెట్టుకుంటున్నారు. అందులో చదువు, అనుభవం గడులు శ్రద్ధగానే నింపుతారు. వీసా స్టేటస్ అనే గడి దగ్గరకు వచ్చేసరికి ఏదో ఒకటి నొక్కేసి, కింద "ఎక్కడికైనా వస్తాను" అని రాసి ముగిస్తారు. ఆ గడికీ ఆ వాక్యానికీ పట్టే సమయం రెండు నిమిషాలే. ఫోను వస్తుందా రాదా, వచ్చిన ఫోను ఉద్యోగం దాకా వెళుతుందా లేదా అన్నది మాత్రం చాలావరకు అక్కడే తేలిపోతుంది. అక్కడ రాయవలసింది రెండు వేర్వేరు సంగతులు. ఫలానా దేశంలో పని చేయడానికి నాకు ఈ రోజు చట్టం ఏ అనుమతి ఇచ్చింది అన్నది ఒకటి. అక్కడికి మారడానికి నేను ఎంతవరకు, ఎప్పటికి సిద్ధం అన్నది రెండోది. ఈ రెండింటినీ విడివిడిగా, వాటి హద్దులతో సహా రాయాలని నా వాదన.

వెనకటి తరాల్లో వీటిని విడదీయవలసిన అవసరం ఉండేది కాదు. గోదావరి జిల్లాల నుంచి రంగూన్‌కు ఓడెక్కి మిల్లుల్లో, రేవుల్లో పని చేయడానికి వేల మంది వెళ్లారు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. టిక్కెట్టుకు డబ్బు, వెళ్లాలన్న తెగింపు ఉంటే సరిపోయేది. ఇష్టమే అనుమతి. నేటి గల్ఫ్‌లో అలా కాదు. అక్కడ పని అనుమతి మనిషికి ఊరికే రాదు, ఒక యజమాని పేరుతో ముడిపడి వస్తుంది. మనవాళ్లు కఫీల్ అంటారే, ఆయన పేరుతో. కాబట్టి ప్రొఫైలు చూసే కంపెనీవాడు మీ వీసా స్టేటస్‌లో మూడు సంగతులు వెతుకుతాడు: అనుమతి ఎవరి పేరు మీద ఉంది, ఎప్పటిదాకా ఉంది, మరొకరి పేరుకు మారుతుందా. మారేదైతే కొన్ని రోజుల్లో పనిలో పెట్టుకోవచ్చు, విమానం టిక్కెట్టు ఖర్చు ఉండదు. మారనిదైతే కొత్త వర్క్ పర్మిట్, కొత్త వీసా, మెడికల్, టిక్కెట్టు అన్నీ ఉంటాయి, వారాలు పడుతుంది. ఆయన మీ ఉత్సాహాన్ని కొలవడం లేదు. ఖర్చు, గడువు లెక్క వేసుకుంటున్నాడు.

కువైట్‌నే తీసుకుందాం, కోనసీమకు బాగా తెలిసిన దేశం కాబట్టి. అక్కడ ఇంటి పనివాళ్లకు ఇచ్చే నివాస అనుమతి ఆర్టికల్ 20 కింద వస్తుంది. మనవాళ్లు ఖాదిం వీసా అంటారు, ఇరవై నంబరు అని కూడా అంటారు. వంటమనిషి, పిల్లల్ని చూసుకునే ఆయా, ఇంటి డ్రైవరు, తోటమాలి దీని కిందకు వస్తారు. ప్రైవేటు కంపెనీ ఉద్యోగులది ఆర్టికల్ 18, మనవాళ్ల మాటలో షూన్ వీసా. ఈ రెండు నంబర్ల మధ్య పెద్ద గోడ ఉంది. ఇరవై మీద ఉన్నవాడు పద్దెనిమిదికి మారడం మామూలు రోజుల్లో కుదరదు. 2024లో జులై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు ప్రభుత్వం ఆ గోడకు ఒక తలుపు తీసింది. అప్పటికి ఒకే ఇంట్లో ఏడాది పని చేసి ఉండాలి, కఫీల్ ఒప్పుకోవాలి, ఫీజు కట్టాలి. గడువు ముగియగానే తలుపు మూసేశారు. పద్దెనిమిది మీద ఉన్నవాళ్లకు కూడా కంపెనీ మారడానికి షరతులున్నాయి. కొత్తగా వచ్చినవాడు మూడేళ్లు నిండకముందే మారాలంటే ఉన్న యజమాని సరేననాలి, పైగా ఫీజు. ఇలాంటి చోట "కువైట్ వీసా ఉంది" అని మాత్రమే రాస్తే కంపెనీకి ఏమీ తెలియదు. నంబరు రాయాలి, గడువు రాయాలి, రిలీజ్ ఇస్తారో లేదో రాయాలి.

సెలవు మీద ఊరొచ్చినవాళ్ల ప్రొఫైళ్లలో మరో పొరపాటు ఉంటుంది. అకామా మీద వచ్చే ఏడాది తేదీ ఉంది కాబట్టి "వీసా వ్యాలిడ్" అని రాస్తారు. కానీ కువైట్ బయట ఆరు నెలలు దాటితే, ముందస్తు అనుమతి లేకపోతే, కాగితం మీద ఏ తేదీ ఉన్నా అకామా చెల్లకుండా పోతుంది. ఇంటి పనివాళ్ల విషయంలో ఆ గడువును నాలుగు నెలలకు కుదించారు. సంక్రాంతికి వచ్చి, కొబ్బరితోట పనులో అమ్మ ఆపరేషనో చూసుకుంటూ వేసవి దాటేదాకా ఉండిపోయిన ఇంటి పనివాడి చేతిలో ఉన్నది చెల్లని అకామా. దాన్ని చెల్లుతుందన్నట్టు రాస్తే, అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం లేకపోయినా అబద్ధం చెప్పినట్టే అవుతుంది. బయలుదేరిన తేదీ కూడా ఒక వివరమే.

ఇక ఫ్రీ వీసా, ఆజాద్ వీసా అనే మాట. ఎవరో కఫీల్ పేరు మీద డబ్బుకు వీసా కొనుక్కుని, బయట ఎక్కడ పని దొరికితే అక్కడ చేసుకునే ఏర్పాటు అది. ఊళ్లో ఈ మాట ఎంత మామూలుగా వాడతారంటే, కొందరు ప్రొఫైలులోనే "ఫ్రీ వీసా" అని రాసేస్తారు, అదొక అర్హత అన్నట్టు. గల్ఫ్ చట్టాల్లో అలాంటి వీసా అంటూ ఏదీ లేదు. కాగితం మీద పేరున్న యజమాని దగ్గర కాక మరోచోట పని చేయడం ఉల్లంఘన. పట్టుబడితే మనిషిని పంపించేస్తారు, పెట్టుకున్న కంపెనీకీ జరిమానా పడుతుంది. అందుకే సరైన కంపెనీ ఏదైనా ఆ రెండు మాటలు చూడగానే పక్కకు పెడుతుంది. చట్టంతో పని లేని కాంట్రాక్టరు మాత్రం అదే మాట చూసి ఫోను చేస్తాడు. తన మీద ఫిర్యాదు చేసే ధైర్యం లేని మనిషి ఆయనకు కావాలి.

ఒక మనిషిని ఊహించుకుని పూర్తిగా నింపి చూద్దాం. రాజోలు దగ్గర పల్లె. పదో తరగతి పాసై, ఐటీఐలో ఏసీ, రిఫ్రిజిరేషన్ ట్రేడు చేశాడు. కాకినాడలో మూడేళ్లు ఏసీ మెకానిక్‌గా పని చేశాడు. తర్వాత కువైట్‌లో ఇంటి డ్రైవరుగా వెళ్లాడు, ఇరవై నంబరు మీద. ఒప్పందం ఆఖరుకు వచ్చింది. ఇప్పుడు ఖతార్‌లో ఏసీ మెయింటెనెన్స్ కంపెనీల్లో చేరాలని చూస్తున్నాడు. ప్రొఫైలులో అతను రాసుకున్నది: గల్ఫ్ వీసా ఉంది, వెంటనే చేరతాను, ఎక్కడికైనా వస్తాను. మూడు ముక్కల్లో ఏదీ నిలవదు. గల్ఫ్ అంతటికీ కలిపి ఉద్యోగ వీసా అంటూ లేదు. కువైట్ అకామా ఖతార్‌లో పని చేయడానికి పనికిరాదు. ఖతార్ వరకు అతని అనుమతి సున్నా, కంపెనీ కొత్తగా వీసా తీయాలి. వెంటనే చేరడమూ సాధ్యం కాదు. కువైట్‌లో కఫీల్‌తో లెక్క తేల్చుకుని అకామా రద్దు చేయించుకోవాలి. ఊరికి వచ్చి అక్కడి నుంచి వెళ్లేవాడైతే, ఖతార్ ఉద్యోగ వీసాకు వేలిముద్రలు, మెడికల్, ఒప్పందం మీద సంతకం అన్నీ హైదరాబాద్‌లోని ఖతార్ వీసా సెంటర్‌లో జరుగుతాయి. అక్కడ అపాయింట్‌మెంట్ దొరకడానికి, మెడికల్ ఫలితం రావడానికి రోజులు పడతాయి. ఎక్కడికైనా అన్న మాటకూ అర్థం లేదు, అతను చూస్తున్నది ఖతార్ ఒక్కటే కాబట్టి.

అతను రాయవలసింది ఇది. సైట్లు ఇంగ్లీషులో ఉంటాయి కనుక ఆ వాక్యాలను ఇంగ్లీషులోనే చెబుతాను.

```
Qatar work visa: not held, employer visa needed.
Now in Kuwait on Article 20, valid till May 2027.
Passport: ECNR, valid till 2031.
Will relocate to Doha or Al Khor, without family.
Can join about 8 weeks after offer letter.
```

ఇందులో ఒక్కొక్క ముక్కా ఒక ప్రశ్నకు జవాబు. మొదటి వాక్యం చూడగానే, వెంటనే మనిషి కావలసిన కంపెనీ తప్పుకుంటుంది. ఇండియా నుంచి మనుషుల్ని తీసుకురావడానికి వీసాలు చేతిలో ఉంచుకున్న కంపెనీ ముందుకు వస్తుంది. రెండో వాక్యం అతను ఎక్కడున్నాడో, గడువు ఎంతుందో దాచకుండా చెబుతుంది. పాస్‌పోర్టు సంగతి ఎందుకంటే, పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కిందకు వస్తుంది. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాల్లో పనికి వెళ్లాలంటే వాళ్లకు మన ప్రభుత్వపు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి, ఇ-మైగ్రేట్ ద్వారా. ఇతను పదో తరగతి పాసైనవాడు, ఆ మెట్టు లేదు. కంపెనీకి అది సమయంలో తేడా. కుటుంబం లేకుండా వస్తానన్నది వసతి లెక్కకు పనికొస్తుంది. ఎనిమిది వారాలన్నది ఊహించి వేసిన అంకె అయినా, దాని వెనక రద్దు, ప్రయాణం, హైదరాబాద్ సెంటర్ అన్నీ కూడి ఉన్నాయి. ఎందుకు ఎనిమిది అని ఫోనులో అడిగితే అతను చెప్పగలడు.

ఇంత నిజం రాస్తే ఎవరు పిలుస్తారండీ అన్నది దీనికి వచ్చే మొదటి అభ్యంతరం. వీసా కావాలి అన్న మాట చూసి పక్కన పడేస్తారన్న భయం ఉత్త భయం కాదు. కొన్ని కంపెనీలు నిజంగానే పడేస్తాయి. ట్రాన్స్‌ఫరబుల్ వీసా ఉన్నవాళ్లను మాత్రమే చూపించమని సైటులో ఫిల్టర్ పెట్టుకుంటే మిగతా ప్రొఫైళ్లు వాళ్ల కంటికే కనబడవు. కానీ ఆ కంపెనీలు ఇతన్ని ఏ దశలోనైనా తీసుకునేవి కావు. దాచడం వల్ల తిరస్కారం తప్పదు, వాయిదా పడుతుంది. ఫోను ఇంటర్వ్యూ అయ్యాక మొదట అడిగేవి పాస్‌పోర్టు కాపీ, ఉన్న వీసా కాపీ. అక్కడ నంబరు, వృత్తి పేరు, గడువు అన్నీ కనబడతాయి. ఈలోగా రెండు మూడు వారాలు గడిచిపోతాయి. ఒప్పందం ముగిసిపోతున్న మనిషికి ఆ వారాలు చాలా విలువైనవి. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. ఏసీ పనిలో అతని అనుభవం నిజమైనదే అయినా, వీసా దగ్గర మాట తేడా వచ్చిందని తెలిశాక దాన్ని కూడా నమ్మరు.

అమెరికా వైపు చూసే మన ఇంజనీరింగ్ పిల్లల విషయంలో ఇదే అభ్యంతరం మరింత గట్టిగా వినిపిస్తుంది. అక్కడి దరఖాస్తుల్లో ప్రశ్నలు రెండు ఉంటాయి. అమెరికాలో పని చేయడానికి మీకు చట్టబద్ధమైన అనుమతి ఉందా అన్నది మొదటిది. ఇప్పుడు గానీ ముందు ముందు గానీ మీకు స్పాన్సర్‌షిప్ అవసరమవుతుందా అన్నది రెండోది. అక్కడ చదువు ముగించి ఓపీటీ మీద ఉన్న విద్యార్థికి మొదటి ప్రశ్నకు జవాబు అవును. రెండోదానికీ అవుననే. ఓపీటీ పన్నెండు నెలలు, సైన్సు, ఇంజనీరింగు చదువులకు మరో ఇరవై నాలుగు నెలలు. ఆ మూడేళ్లలో ఎవరి సాయమూ అక్కర్లేదు కదా అని రెండోదానికి కాదు అని పెట్టేవాళ్లు చాలామంది. కానీ ప్రశ్నలోనే ముందు ముందు అన్న మాట ఉంది. మార్చి నెలలో కంపెనీ హెచ్-1బీకి పేరు నమోదు చేయించాల్సిన రోజు వచ్చినప్పుడు, చేరేటప్పుడు ఇచ్చిన జవాబును బయటకు తీస్తారు. ఇక అమలాపురంలోనే ఉండి నేరుగా అమెరికా ఉద్యోగానికి ప్రొఫైలు పెట్టుకునేవారికి మొదటి జవాబు "లేదు", రెండోది "అవును". 2025 సెప్టెంబరు 21 నుంచి అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల చెల్లింపు విధిస్తూ ఉత్తర్వు వచ్చింది. అంత ఖర్చున్న చోట జవాబును దాచి నెగ్గుకురావడం జరిగే పని కాదు. దానికి బదులు అదే కంపెనీకి హైదరాబాద్‌లో ఆఫీసు ఉందా అని చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

రెండో అభ్యంతరం ఊరి పేరు గురించి. రాజోలు అని పెడితే దుబాయ్ కంపెనీకి కనబడం, అందుకే దుబాయ్ అని పెట్టుకుంటాం అంటారు. కనబడకపోవడం నిజమే, చాలామంది రిక్రూటర్లు ఊరిని బట్టే వడగడతారు. కానీ దుబాయ్‌లో ఉన్నాడనుకుని పిలిచేవాడు రేపు పది గంటలకు ఆఫీసుకు రమ్మంటాడు. అక్కడితో ఆ సంభాషణ అయిపోతుంది. దీనికి సైట్లలోనే దారి ఉంది. లింక్డ్‌ఇన్‌లో ప్రస్తుతం ఉన్న ఊరు ఒక చోట, పని కోరుకునే ఊళ్లు మరో చోట, Open to work కింద పెట్టుకోవచ్చు. రిక్రూటర్లు వెతికేటప్పుడు ఆ ఊళ్లో ఉన్నవాళ్లనే కాక అక్కడికి మారడానికి ఒప్పుకున్నవాళ్లను కూడా చూడగలరు. కాబట్టి మొదటి గడిలో రాజోలు, రెండో గడిలో దుబాయ్, అబూ ధాబీ. విజిట్ వీసా మీద నిజంగానే దుబాయ్ వెళ్లి వెతుక్కుంటున్నవారైతే, విజిట్ వీసా అనే రాసి అది ముగిసే తేదీ పక్కన పెట్టాలి. ఇంటర్వ్యూకు స్వయంగా వెళ్లగలరన్నది అక్కడ అనుకూలమే. అయితే విజిట్ వీసా మీద ఒక్క రోజు పని చేసినా అక్కడ నేరం. 2024 ఆగస్టులో వచ్చిన సవరణతో, పర్మిట్ లేకుండా పనిలో పెట్టుకున్న యజమానికి జరిమానా లక్ష దిర్హాముల నుంచి పది లక్షల దాకా ఉంది. ముందు చేరు, వీసా తర్వాత మారుస్తాం అని ఎవరైనా అంటే, ఆ మాట అంటున్నది ఎలాంటి కంపెనీయో ఆ అంకెను బట్టే ఊహించుకోవచ్చు.

వివరాలన్నీ బయట పెడితే మోసగాళ్లకు దొరికిపోమా అన్నది మూడో అభ్యంతరం. ఇందులో న్యాయం ఉంది. రాయవలసినది వీసా రకం, గడువు, దేశం, ఇంతే. పాస్‌పోర్టు నంబరు, సివిల్ ఐడీ నంబరు, వీసా కాపీ ఫొటో ప్రొఫైలులో పెట్టకూడదు. అవి ఆఫర్ లెటర్ వచ్చాక, కంపెనీ ఎవరో తేలాక ఇచ్చేవి. వీసా కావాలి అని చూసి "మేం వీసా ఇప్పిస్తాం" అని ఫోను చేసే ఏజెంటు పేరును ఇ-మైగ్రేట్‌లోని లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితాలో వెతకవచ్చు. లైసెన్సు ఉన్నవాడైనా అభ్యర్థి దగ్గర తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి లక్ష, లక్షన్నర అడిగితే అది వీసా కొనుగోలు బేరం.

ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్ల బయోడేటాల గురించి విడిగా చెప్పాలి. వాటిని వాళ్లు రాయరు, మధ్యవర్తి రాస్తాడు. కోనసీమలో గల్ఫ్ వెళ్లేవాళ్లలో ఆడవాళ్లు తక్కువేమీ కాదు. చాలామంది పదో తరగతి దాకా రానివాళ్లు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఆ 18 దేశాలకు ఇంటి పనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలి. పంపించే పని కూడా ప్రభుత్వం గుర్తించిన ప్రభుత్వరంగ సంస్థల ద్వారానే జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంస్థ ఓంక్యాప్. ఈ నిబంధనలను తప్పించడానికి మధ్యవర్తులు వాడే దారి విజిట్ వీసా. బయోడేటాలో "వీసా రెడీ, ఏ దేశమైనా సరే" అని రాస్తారు. ఆమెను దుబాయ్‌కో మస్కట్‌కో చుట్టపుచూపు కాగితం మీద పంపి, అక్కడి నుంచి మరో దేశపు ఇంటికి చేరుస్తారు. ఆ కాగితంలో రెండు అబద్ధాలున్నాయి. వీసా రెడీ అన్నది పని అనుమతి కాదు. ఏ దేశమైనా అన్నది ఆమె అన్న మాట కాదు. చాలాసార్లు తన గురించి ఏం రాశారో ఆమెకు చదివి వినిపించినవాళ్లు కూడా ఉండరు.

అందుకే ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే, అమ్మ పేరు మీద తిరుగుతున్న ఆ బయోడేటాను మధ్యవర్తి ఫోనులోంచి ఒకసారి తెప్పించుకుని చదవండి. పాస్‌పోర్టు ఈసీఆరా కాదా, వీసా అన్నచోట విజిట్ అని ఉందా ఎంప్లాయ్‌మెంట్ అని ఉందా, ఆమె పని చేయబోయే ఇంటి యజమాని పేరు వీసా మీద ఉందా, దేశం పేరు ఒకటే రాశారా అన్నవి చూడండి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని వెళ్తే దానితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ వస్తుంది. రెండేళ్లకు 275 రూపాయలు కడితే పది లక్షల బీమా. విజిట్ వీసా మీద వెళ్లిన మనిషికి ఆ పాలసీ ఉండదు. ఆమె ఏ ఇంట్లో ఉందో చెప్పే ఒప్పందం మన ప్రభుత్వం దగ్గర ఉండదు. అక్కడ ఏదైనా జరిగితే రాయబార కార్యాలయం వెతుకులాట మొదలు పెట్టవలసింది ఊరి పేరుతో, ఒక ఫొటోతో. మధ్యవర్తి పంపిన బయోడేటాలో ఎంప్లాయ్‌మెంట్ వీసా అన్న మాట, యజమాని పేరు, దేశం పేరు కనబడేదాకా ఆమె పాస్‌పోర్టు అతని చేతికి ఇవ్వకండి.